గెలిచిన ఖాతాలు లోటును పూడ్చవు

ఆర్థిక సంవత్సరం ముగిశాక ఏప్రిల్‌లో జరిగే సేల్స్ మీటింగుల్లో రీజనల్ హెడ్ ప్రసంగానికి ఒక అచ్చు తయారైపోయింది. టార్గెట్ అందలేదు, కానీ రెండు మూడు పెద్ద ఖాతాలు చేతికొచ్చాయి అనుకుందాం. అప్పుడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల టీమును కూర్చోబెట్టి ఆయన ఏం మాట్లాడాలన్న విషయంలో సీనియర్లు, హెచ్‌ఆర్ వాళ్ళు, మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాళ్ళు దాదాపు అందరూ ఒకే మాట మీద ఉంటారు. లోటును ఒక వాక్యంలో ఒప్పేసుకోవాలి, మిగతా అరగంటా గెలుపు గురించి చెప్పాలి, పెద్ద ఖాతాలు తెచ్చినవాళ్ళని వేదిక మీదికి పిలవాలి, వచ్చే ఏడాదికి పునాది పడిందని ముగించాలి. టీము మనసు చెదరకుండా కాపాడుకోవడమే నాయకత్వమని దీనికి సమర్థన. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. ఆ ప్రసంగం మనసును కాపాడదు, వచ్చే ఏడాది లోటును ఈ ఏడాదే రాసిపెడుతుంది. లోటూ గెలుపూ రెండు వేర్వేరు లెక్కలు. ఒకదాన్ని తెచ్చి ఇంకొకదాని మీద కప్పినవాడికి రెండూ అర్థం కాకుండా పోతాయి.

వాదన గాలిలో నడవకుండా ఒక లెక్క పెట్టుకుందాం. హెచ్‌డీపీఈ డ్రమ్ములు, వాటి లోపల వేసే ప్లాస్టిక్ లైనర్ సంచులు అమ్మే ఒక సంస్థను ఊహించుకోండి. సంస్థా అంకెలూ ఉదాహరణకే, కానీ ఆ వ్యాపారం జరిగే చోట్లు మాత్రం నిజమైనవి. ఈ ప్రాంతంలో, భోగాపురం నుంచి ఇచ్ఛాపురం దాకా పోయే జాతీయ రహదారి మీద, రణస్థలం మండలం పైడిభీమవరం దగ్గర అరబిందో, డాక్టర్ రెడ్డీస్ లాంటి మందుల కంపెనీల ప్లాంట్లు ఉన్నాయి. బొబ్బిలిలో గ్రోత్ సెంటర్ ఉంది. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు యూనిట్లు ఉన్నాయి. మన సంస్థకు ఈ ప్రాంతంలో ఏడాది టార్గెట్ 18 కోట్లు. అయింది 15.3 కోట్లు, అంటే 85 శాతం. లోటు 2.7 కోట్లు. గెలిచిన పెద్ద ఖాతాలు మూడు. అందులో ఒకటి ఏడాదికి రెండు కోట్ల ఖాతా, ఇంకొకటి కోటిన్నర, మూడోది యాభై లక్షలు. మొత్తం నాలుగు కోట్లు. హాల్లో వినబడే వాక్యం తేలిగ్గానే ఊహించవచ్చు: “పోయింది రెండు కోట్ల డెబ్భై లక్షలు, తెచ్చుకున్నది నాలుగు కోట్లు. ఎవరండీ ఓడిపోయింది?” చప్పట్లు మోగుతాయి. ఆ వాక్యంలో ఉన్న రెండు అంకెలూ విడివిడిగా నిజమే. వాటిని పక్కపక్కన పెట్టి తీసివేయడమే అబద్ధం.

మొదట ఆ రెండు కోట్ల ఖాతా సంగతి చూద్దాం. మందుల ప్లాంటులో తయారైన ముడి ఔషధాన్ని, అంటే పొడిని, సాధారణంగా లైనర్ సంచుల్లో కట్టి డ్రమ్ముల్లో పెడతారు. పొడికి నేరుగా తగిలేది ఆ లైనర్. కాబట్టి పర్చేజ్ విభాగం సరేనన్నంత మాత్రాన సరుకు లోపలికి పోదు. సప్లయర్ ప్రశ్నావళి నింపాలి, వేర్వేరు బ్యాచుల శాంపిళ్ళు ఇవ్వాలి, నాణ్యతా విభాగం వాటిని పరీక్షించాలి, అవసరమైతే మన ఫ్యాక్టరీకొచ్చి ఆడిట్ చేయాలి, ఆ తరవాతే ఆమోదించిన సప్లయర్ల జాబితాలో పేరు ఎక్కాలి. పేరు ఎక్కాక ట్రయల్ లాట్, అది సాఫీగా నడిచాక రెగ్యులర్ ఆర్డరు. ఇదంతా ఆరు నెలల్లో అయితే త్వరగా అయినట్టే. కాబట్టి ఏప్రిల్‌లో “గెలిచిన” ఖాతా నుంచి నెలనెలా బిల్లు మొదలయ్యేది అక్టోబరులో. ఇంకో సంగతి కూడా ఉంది. ఏ ప్లాంటైనా తన అవసరమంతా కొత్త సప్లయర్ చేతిలో పెట్టదు. పాతవాడిని ఉంచుకుని కొత్తవాడిని రెండో మూలంగా పెట్టుకుంటుంది. రెండు కోట్లన్నది ఆ ప్లాంటు మొత్తం అవసరం. మనకొచ్చే వాటా 40 శాతం అనుకుంటే ఏడాదికి 80 లక్షలు, అందులోనూ మొదటి ఏడాది దక్కేది సగమే. రెండు కోట్ల ఖాతా అన్నది వచ్చే మార్చి నాటికి బిల్లుల్లో 40 లక్షలుగా కనిపిస్తుంది.

కోటిన్నర ఖాతా వేరే రకం. అది రేట్ కాంట్రాక్ట్. ధర కుదిరింది, ఎంత కొంటారన్న హామీ లేదు. ఆర్డరు పత్రం మీద కోటిన్నర అని రాసి ఉన్నా అది అంచనా మాత్రమే. ప్లాంటు ఎప్పటికప్పుడు పంపే షెడ్యూలు ప్రకారమే సరుకు కదులుతుంది. పైగా పెద్ద ఖాతా కోసం మన సంస్థ మామూలు 18 శాతం మార్జిన్‌ని 9కి దించి కోట్ చేసింది. ఇక్కడ ఒక చిన్న లెక్క కట్టాలి. కోటిన్నర మొత్తం కొన్నా మార్జిన్ కింద మిగిలేది పదమూడున్నర లక్షలు. ఆ ఖాతాల వెంట తిరుగుతూ బొబ్బిలి, పలాసల్లోని చిన్న కొనుగోలుదారుల దగ్గరికి పోవడం మానేసినందుకు జారిపోయిన వ్యాపారం 1.1 కోట్లు అనుకుంటే, దాని మీద పాత మార్జిన్ పంతొమ్మిది లక్షల ఎనభై వేలు. అంటే పెద్ద ఖాతా కాగితం మీదున్నంతా కొన్నా, పోగొట్టుకున్న చిన్న ఖాతాల లాభం తిరిగి రాదు. మూడోదైన యాభై లక్షల ఖాతా ఒక్కటే అసలైన గెలుపు. దాని నుంచి అప్పటికే రెండు ఆర్డర్లు వచ్చాయి, రెండింటికీ డబ్బు అందింది. మూడింటిలో చిన్నది కాబట్టి ప్రసంగంలో దాని పేరు చివర, అదీ హడావిడిగా, వినబడుతుంది.

ఇప్పుడు మూడూ కలుపుదాం. మొదటిది 40 లక్షలు, రెండోదానిలో సగం కొన్నారనుకుంటే 75 లక్షలు, మూడోది 50 లక్షలు. వెరసి 1.65 కోట్లు. హాల్లో చెప్పిన నాలుగు కోట్లకూ దీనికీ మధ్య ఉన్న 2.35 కోట్ల తేడా ఎక్కడికి పోయిందని ఆ రోజు ఎవరూ అడగరు, వచ్చే మార్చిలో అందరూ అడుగుతారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. రీజనల్ హెడ్ ప్రసంగం ఆ హాలు గోడల మధ్యే ఉండిపోదు. అదే స్లైడు, అదే నాలుగు కోట్లు హైదరాబాదులోనో ముంబయిలోనో ఉన్న హెడ్డాఫీసుకు పోతుంది. అక్కడ టార్గెట్ వేసేవాళ్ళు 15.3కు 4 కలిపి 19.3 అని చూసుకుని, కాస్త కష్టపడితే 20 ఎందుకు రాదంటారు. 15.3 నుంచి 20కి పోవాలంటే దాదాపు 31 శాతం పెరుగుదల కావాలి. నిజంగా చేతిలో ఉన్నది 15.3కు 1.65 కలిపితే వచ్చే దాదాపు పదిహేడు కోట్లు, అదీ పాత ఖాతాలేవీ జారకపోతే. మిగిలిన మూడు కోట్ల లోటు వచ్చే ఏడాది మార్కెట్లో పుట్టేది కాదు. ఈ ఏప్రిల్‌లో మైకు ముందే పుట్టింది. టీము మనసు కాపాడాలని చెప్పిన మాట ఆ టీము నెత్తిమీదే టార్గెట్టై కూర్చుంటుంది.

గెలిచిన ఆర్డరు అమ్మకం కాదన్న సంగతి చిన్న సంస్థలకే పరిమితం కాదు. 2023-24లో ఇన్ఫోసిస్ ఉదంతం బహిరంగంగానే ఉంది. ఆ ఏడాది మొదట్లో, 2023 ఏప్రిల్‌లో, తన రాబడి మారకపు హెచ్చుతగ్గులు తీసేసి చూస్తే 4 నుంచి 7 శాతం పెరుగుతుందని కంపెనీ అంచనా చెప్పింది. జులైలో ఆ అంచనాను 1 నుంచి 3.5 శాతానికి తగ్గించింది. ఏడాది ముగిసేసరికి పెరిగింది 1.4 శాతం. అదే ఏడాది గెలిచిన పెద్ద కాంట్రాక్టుల మొత్తం విలువ 17.7 బిలియన్ డాలర్లు, అప్పటికి ఆ కంపెనీ చరిత్రలోనే ఎక్కువ. రికార్డు గెలుపులూ, మొదటి అంచనాకు చాలా దిగువన ఆగిన రాబడీ ఒకే ఏడాదిలో పక్కపక్కనే నిలబడ్డాయి. కాంట్రాక్టు విలువ చాలా ఏళ్ళకు పరుచుకుంటుంది, అందులో కొంత పాత పనికే కొత్త సంతకం, ఈలోగా పాత కస్టమర్లు ఖర్చు తగ్గించుకుంటారు. మీటింగు హాల్లో మన డ్రమ్ముల సంస్థ లెక్క తప్పేది కూడా ఇలాంటి కారణాల దగ్గరే.

ఆ ఏడాదే ఇంకొకటి జరిగింది. 2023 సెప్టెంబరులో ఒక అంతర్జాతీయ సంస్థతో 15 ఏళ్ళలో 1.5 బిలియన్ డాలర్ల విలువైన అవగాహన ఒప్పందం కుదిరిందని ఇన్ఫోసిస్ స్టాక్ ఎక్స్చేంజీలకు తెలిపింది. అసలు ఒప్పందం ఇంకా కుదరాల్సి ఉందని కూడా అప్పుడే చెప్పింది. డిసెంబరులో ఆ సంస్థ వెనక్కి తగ్గింది, అసలు ఒప్పందం జరగదని ఇన్ఫోసిస్ మళ్ళీ బహిరంగంగా ప్రకటించింది. ఇక్కడ గమనించాల్సింది కాంట్రాక్టు పోవడం కాదు, అవి పోతూనే ఉంటాయి. ఖాతా ఏ దశలో ఉందో మొదటి రోజే చెప్పారు, పోయినప్పుడు పోయిందనీ చెప్పారు. లిస్టెడ్ కంపెనీకి ఆ క్రమశిక్షణ చట్టం వల్ల వచ్చింది. విజయనగరంలో ఒక హోటల్ హాల్లో మాట్లాడే రీజనల్ హెడ్‌కి అలాంటి చట్టమేమీ లేదు. అందుకే ఆయన తనకు తాను ఆ నియమం పెట్టుకోవాలి. అవగాహన దశలో ఉన్నదాన్ని గెలిచిన ఖాతా అనకూడదు. శాంపిల్ ఇచ్చాం, ఆడిట్ అయింది, జాబితాలో ఎక్కాం, ట్రయల్ లాట్ పోయింది, రెండోసారి ఆర్డరు వచ్చింది, డబ్బు అందింది: ఈ మెట్లలో ఎక్కడున్నామో ఖాతా పేరు పక్కనే చెప్పాలి. రెండోసారి ఆర్డరు రాకుండా, మొదటి బిల్లుకు డబ్బు అందకుండా ఏ ఖాతానూ గెలుపు లెక్కలో వేయకూడదు.

డబ్బు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రసంగాల్లో అది అసలు వినబడదు. మందుల ప్లాంటుకు నెలకు ఆరు లక్షల అరవై ఏడు వేల సరుకు పోతుందనుకుందాం. కాగితం మీద గడువు 60 రోజులు. బిల్లులో తేడాలు, గేటు దగ్గర ఎంట్రీలు, నెలాఖరు చెల్లింపుల వరసలు అన్నీ దాటి డబ్బు అందేసరికి 90 రోజులవుతుంది. అంటే ఎప్పుడూ ఇరవై లక్షలు ఆ ఒక్క ఖాతాలోనే ఇరుక్కుని ఉంటాయి. సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న తరహా ఉత్పత్తిదారైతే 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం గడువు 45 రోజులు దాటకూడదు. అయితే ఆ హక్కు ఉన్నా, అప్పుడే గుమ్మం ఎక్కించిన పెద్ద కొనుగోలుదారు మీద దాన్ని వాడే ధైర్యం సరఫరాదారుల్లో కొద్దిమందికే ఉంటుంది. చిన్న ఖాతాల నుంచి పదిహేను రోజుల్లో తిరిగొచ్చే డబ్బుతో నడిచిన సంస్థ ఆ ఇరవై లక్షలు ఎక్కడినుంచి తేవాలి? బ్యాంకు ఓవర్‌డ్రాఫ్టు నుంచి. ఆ వడ్డీ మార్జిన్‌లో నుంచే పోతుంది. గెలుపు వార్త విన్న రెప్‌కు ఇది తెలియకపోతే, ఇంకో ఖాతా కోసం ఇంకో 30 రోజుల క్రెడిట్ ఉచితంగా ఇచ్చేస్తాడు.

పెద్ద ఖాతాకు ఇంకో గుణం ఉంది. దాని కష్టం మన కష్టమవుతుంది. 2015 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ డాక్టర్ రెడ్డీస్‌కు చెందిన మూడు ప్లాంట్ల మీద హెచ్చరిక లేఖ ఇచ్చింది. వాటిలో ఒకటి శ్రీకాకుళం జిల్లాలోని ముడి ఔషధాల ప్లాంటు. అలాంటి లేఖ ఏ ప్లాంటుకు వచ్చినా దిద్దుబాట్లు నెలల తరబడి సాగుతాయి. ఆ నెలల్లో ప్లాంటు షెడ్యూలు తగ్గితే సప్లయర్ చేయగలిగింది ఏమీ ఉండదు. భోగాపురం విమానాశ్రయం లాంటి నిర్మాణాలతో వచ్చే ఖాతాలకు ఇంకో పరిమితి. 2023 మేలో శంకుస్థాపన జరిగిన ఆ పని సిమెంటుకూ ఉక్కుకూ పెయింటుకూ పెద్ద ఖాతాలు తెచ్చిపెట్టగలదు, కానీ నిర్మాణం ముగిసిన రోజున ఆ ఖాతా కూడా ముగుస్తుంది. ఆ ఏడాది అమ్మకం తరవాతి ఏడాదికి పునాది కాదు, గొయ్యి. పెద్ద ఖాతాలు వద్దని దీని అర్థం కాదు. ఏది నిలిచే ఖాతా, ఏది పనితో పోయే ఖాతా, ఏది ఒకే కొనుగోలుదారు మీద మనల్ని వేలాడదీసే ఖాతా అన్నది విడమరచకుండా అన్నిటినీ ఒకే చప్పట్లలో కలిపేయడం తప్పు.

ఇంక లోటు వైపు వద్దాం. ఒక వాక్యంలో ఒప్పేసుకుని ముందుకు పోవాలన్న సలహా ఇక్కడే ఎక్కువ చెడుపు చేస్తుంది. 2.7 కోట్లు ఒకే ముద్ద కాదు. మన లెక్కలో దాన్ని మూడుగా విడగొట్టవచ్చు. చిన్న ఖాతాలు జారడం వల్ల 1.1 కోట్లు. డ్రమ్ము తయారయ్యే ప్లాస్టిక్ గుళికల ధర తగ్గి, దానికి కట్టేసిన మన అమ్మకపు ధర కూడా తగ్గడం వల్ల 60 లక్షలు. ఈ ఏడాదే బిల్లు మొదలవుతుందనుకున్న పెద్ద ఖాతాలు ఆలస్యం కావడం వల్ల కోటి. మూడింటికీ మందు వేరు. మొదటిది మనుషులను ఎక్కడ తిప్పామన్న నిర్ణయం వల్ల వచ్చింది, ఆ నిర్ణయం రెప్‌ది కాదు, రీజనల్ హెడ్‌దే. రెండోది ఎవరి తప్పూ కాదు. మూడోది టార్గెట్ వేసినప్పుడే అంచనా తప్పడం. ముద్దగా చెప్పినప్పుడు ఈ మూడూ కలిసి రెప్‌ల బద్ధకంలా వినబడతాయి, లేదా ఎవరి తప్పూ కానట్టు వినబడతాయి. రెండూ అన్యాయమే.

కారణాలను పరీక్షించే పద్ధతి కూడా ప్రసంగంలో ఉండాలి, లేకపోతే అవి సాకులవుతాయి. ధర వల్ల లోటని అంటే రూపాయలు పక్కనపెట్టి డ్రమ్ముల సంఖ్య చూడాలి. సంఖ్య నిలకడగా ఉండి రూపాయలు తగ్గితే ఆ మాట నిజం, సంఖ్య కూడా పడితే కాదు. తుఫాను వల్ల అన్నారనుకోండి, ఉత్తరాంధ్రలో అక్టోబరు వచ్చిందంటే ఆ సాకు సిద్ధంగా ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను కూల్చేసినప్పుడు పలాస వ్యాపారం మీద దాని దెబ్బ నిజమైనదే. కానీ తుఫాను కారణమైతే లోటు ఆ మండలాల్లో, ఆ నెలల నుంచే కనబడాలి. జూన్ నుంచే బిల్లులు పడిపోయి ఉంటే, విజయనగరం వైపు కూడా పడిపోయి ఉంటే, కారణం గాలి కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వెళ్ళింది, పార్వతీపురం మన్యం కొత్త జిల్లా అయింది. అలాంటి మార్పు తరవాత ఏరియాల లెక్క పాత సరిహద్దులతో కట్టారా, కొత్తవాటితో కట్టారా అన్నది చూసుకోకపోతే, ఒక ఏరియా మేనేజరు లోటు ఇంకొకరి పెరుగుదలగా రాసేసే వీలుంటుంది.

దీనికి రాగల అభ్యంతరాల్లో బలమైనది మనసు సంగతే. ఏడాదంతా ఎండలో బైకు మీద తిరిగినవాళ్ళ ముందు లోటును ముక్కలు చేసి చూపిస్తే వాళ్ళు కుంగిపోతారని, మంచివాళ్ళు పోటీ కంపెనీకి వెళ్ళిపోతారని అంటారు. ఈ మాటలో ఒక పొరపాటు దాగి ఉంది. లోటు గురించి టీముకు తెలియదని అది అనుకుంటుంది. పర్చేజ్ ఆఫీసులో ఆ రెండు కోట్ల ఖాతా ఏ టేబుల్ మీద ఆగిందో రెప్‌కు తెలిసినంత రీజనల్ హెడ్‌కు తెలియదు. బొబ్బిలిలో తన పాత కస్టమరు ఎవరి దగ్గర కొనడం మొదలుపెట్టాడో కూడా రెప్‌కే తెలుసు. అన్నీ తెలిసినవాళ్ళ ముందు నాలుగు కోట్లు చేతిలో ఉన్నాయని చెప్తే వాళ్ళు ధైర్యం తెచ్చుకోరు. పైవాడికి లెక్క తెలియదనో, తెలిసీ చెప్పడం లేదనో అనుకుంటారు. తరవాత ఆయన ఏం చెప్పినా అదే తూకంలో తూస్తారు. మనసు నిలబెట్టే మాట వేరే ఉంది. “పలాస, బొబ్బిలి లైన్ల నుంచి ఇద్దరిని తీసి పైడిభీమవరం మీద పెట్టింది నేను. ఆ కోటీ పది లక్షల్లో నా వాటా పెద్దది.” ఈ రెండు వాక్యాలు అరగంట పొగడ్త కంటే ఎక్కువ పని చేస్తాయి. ఎందుకంటే రెప్ భయం నిందపడుతుందనే, ఆ నిందను చెందాల్సిన చోటికి చేర్చింది ఈ మాట.

పొగడ్తకు తోడు ఇన్సెంటివ్ సంగతి చెప్పకపోతే అది ఖాళీ మాట అని కూడా గుర్తుంచుకోవాలి. చాలాచోట్ల ఇన్సెంటివ్ టార్గెట్‌లో ఒక శాతం దాటితేనే మొదలవుతుంది. ఆ గీత 90 దగ్గర ఉంటే, 85 చేసిన టీములో పెద్ద ఖాతా కోసం ఎనిమిది నెలలు తిరిగిన మనిషికి చేతికొచ్చేది సున్నా. ఆయనను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి, జీతంలో ఏమీ కలపకపోతే, హాల్లో మిగతావాళ్ళు నేర్చుకునే పాఠం ఒక్కటే: పెద్ద ఖాతా జోలికి పోకుండా నెలవారీ నంబరు చూసుకోవాలి. ఆ ఖాతాలు సంస్థకు నిజంగా ముఖ్యమైతే, జాబితాలో పేరు ఎక్కినప్పుడు కొంత, రెండో ఆర్డరు డబ్బు అందినప్పుడు కొంత అని మెట్లకు కట్టిన చెల్లింపు ఉండాలి. దానికి హెడ్డాఫీసును అడిగారా, ఏ తేదీలోగా జవాబు వస్తుంది అన్నది ప్రసంగంలో ఉండాలి. అడగకపోతే ఆ ఖాతాలు తనకు ఎంత ముఖ్యమో రీజనల్ హెడ్ తన నోటితో కాక, తన మౌనంతో చెప్పినట్టే.

ఇంకో వైపు నుంచి పూర్తిగా వ్యతిరేకమైన అభ్యంతరం వస్తుంది. నంబరంటే నంబరే, తప్పినవాడికి మిగతా కబుర్లెందుకు, ఖాతాలూ పునాదులూ అన్నీ సాకులే అనేవాళ్ళు ప్రతి సంస్థలో ఉంటారు. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది కానీ వాళ్ళ మందు ఇంకా ప్రమాదం. నంబరు తప్ప ఇంకేమీ లెక్కకు రాదని తెలిసిన టీము మార్చి ఆఖరి పది రోజుల్లో డీలర్ల గోదాముల్లోకి సరుకు తోసేస్తుంది. ఏప్రిల్‌లో అది వెనక్కి వస్తుంది, లేదా రెండు నెలల పాటు కొత్త ఆర్డరు రాదు. కంపెనీ నుంచి డీలరుకు పోయిన అమ్మకం పెరిగి, డీలరు నుంచి వాడకందారుకు పోయిన అమ్మకం ఉన్నచోటే ఉంటే, అలా తోశారని ఎవరైనా కనిపెట్టవచ్చు. అలా తోయకుండా 85 దగ్గర ఆగిన టీము, తోసి 95 చూపించిన టీము కంటే మంచి స్థితిలో ఉంది. ఆ మాట కూడా రీజనల్ హెడ్ చెప్పాలి, డీలర్ల దగ్గర మిగిలిన నిల్వ ఎంతో చూపించి మరీ చెప్పాలి. నేను లోటును దాచవద్దంటున్నది దాన్ని కొరడా చేసుకోమని కాదు, దాన్ని సరిగ్గా చదవమని.

పెద్ద ఖాతాల పక్షాన చెప్పగలిగిన అసలు న్యాయం ఒకటి ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. మనల్ని ఆరు నెలలు ఆపే అవే పరీక్షలూ ఆడిట్లూ లోపలికి పోయాక మనకు గోడగా నిలుస్తాయి. సప్లయర్‌ను మార్చాలంటే ప్లాంటు మళ్ళీ అదంతా చేయాలి, మార్పుకు కారణం రాతపూర్వకంగా చూపించాలి. కిలోకు నాలుగు రూపాయలు తక్కువ అన్న పోటీదారుడు రేపే మన చోటు లాక్కోలేడు. ఒక పేరున్న ప్లాంటు జాబితాలో ఉన్నామంటే పక్క ప్లాంటు నాణ్యతా విభాగం మన ఫైలు కాస్త త్వరగా తెరుస్తుంది. కాబట్టి ఈ ఖాతాలు విలువైనవే. కానీ ఈ వాదన నిరూపించేది అవి పెట్టుబడి అని, అమ్మకం అని కాదు. పెట్టుబడి గురించి మాట్లాడే తీరు వేరు: ఎంత పెట్టాం, ఎప్పటికి తిరిగొస్తుంది, రాకపోతే ఏ నెలలో ఆపేస్తాం. డ్రమ్ముల సంస్థ ఆ ఖాతాల కోసం 1.1 కోట్ల పాత వ్యాపారాన్నీ సగం మార్జిన్‌నీ ఇరవై లక్షల క్రెడిట్‌నీ పెట్టింది. ఇంత పెట్టినందుకు మూడో ఏడాదికి నిలకడగా ఇంత వస్తుందని చెప్పగలిగితే టీము నమ్ముతుంది, హెడ్డాఫీసూ వింటుంది.

అందుకే ఆ ప్రసంగం వరస మారాలి. మొదట లోటు, మూడు ముక్కలుగా, ఏ ముక్క ఎవరి నిర్ణయం వల్ల వచ్చిందో చెబుతూ. తరవాత ఒక్కో ఖాతా, అది ఏ మెట్టు మీద ఉందో, మన వాటా ఎంతో, మార్జిన్ ఎంతో, ఏ నెలలో బిల్లు మొదలవుతుందో. మూడోది వచ్చే ఏడాది నంబరు. ఇక్కడ ఆయన టీముకే కాదు, తన పైవాళ్ళకూ వినబడేలా చెప్పాలి: “చేతిలో ఉన్నది పదిహేడు కోట్లు. ఇరవై వేస్తే మిగతా మూడు ఎక్కడినుంచో వాళ్ళూ మనమూ కలిసి రాసుకోవాలి.” చివర, పలాస, బొబ్బిలి లైన్లకు మనుషులు ఏ తేదీ నుంచి తిరిగి వెళ్తారో, ఇన్సెంటివ్ మీద జవాబు ఏ తేదీకి వస్తుందో, ఖాతాల మెట్లను మళ్ళీ ఎప్పుడు చూస్తారో చెప్పాలి. అక్టోబరులో జరిగే సమీక్షలో మందుల ప్లాంటు ఖాతా ఇంకా ట్రయల్ లాట్ దగ్గరే ఉంటే దాన్ని గెలుపు జాబితాలోంచి తీసేస్తామని ఏప్రిల్‌లోనే ప్రకటించాలి. ఇలా మాట్లాడితే ఆ రోజు హాల్లో చప్పట్లు తక్కువే పడవచ్చు. కానీ వచ్చే మార్చిలో లోటు వస్తే అది మార్కెట్ తెచ్చిన లోటవుతుంది, రీజనల్ హెడ్ నోటితో తెచ్చుకున్నది కాదు.